టీవీ 4కె, కన్సోల్ 4కె, తెర మీద మాత్రం 1080p: ఓవర్‌రైడ్ ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి

ప్రశ్న: ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వాడుతున్నాను. టీవీ 4కె. కానీ రిజల్యూషన్ 1080p దాటడం లేదు, `4K UHD` ఎంచుకోనివ్వడం లేదు. `4K TV details` లోకి వెళ్తే మీ టీవీ 4కె సపోర్ట్ చేయదు అంటోంది. మధ్యలో సౌండ్‌బార్ ఉంది. కేబుల్ మార్చి చూశాను, తేడా లేదు. ఆటో డిటెక్ట్ తీసేసి బలవంతంగా 4కె పెట్టే దారి ఉందా?

సమాధానం:

దారి ఉంది, రెండు నిమిషాల పని. కానీ ఇప్పుడే చేయకండి. మీ వైరింగ్ ఉన్నది ఉన్నట్టు ఉంచి ఓవర్‌రైడ్ చేస్తే నల్ల తెర వచ్చే అవకాశమే ఎక్కువ. ఎందుకో తెలిస్తే ఎక్కడ చెయ్యి పెట్టాలో మీకే అర్థమవుతుంది.

కన్సోల్‌కి మీ టీవీ కనపడదు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే టీవీ తన గురించి ఒక చిన్న చిట్టా పంపుతుంది. నేను ఈ ఈ రిజల్యూషన్లు చూపించగలను, ఇంత వేగం తట్టుకోగలను, హెచ్‌డీఆర్ ఉంది, లేదు అని. దీన్ని ఈడీఐడీ అంటారు. బొమ్మ వెళ్ళే తీగలు వేరు, ఈ చిట్టా వచ్చే సన్న తీగలు వేరు. రెండూ ఒకే కేబుల్‌లో ఉంటాయి. కన్సోల్ ఆ చిట్టా చదివి, అందులో ఉన్నవే మీకు మెనూలో చూపిస్తుంది. `4K TV details` పేజీలో మీరు చూస్తున్నది మీ టీవీ అసలు సామర్థ్యం కాదు, ఆ చిట్టాలో రాసి ఉన్నది. రెండూ ఒకటే కానక్కర్లేదు.

ఇప్పుడు మధ్యలో సౌండ్‌బార్ పెట్టారు. కన్సోల్ కేబుల్ వెళ్ళేది దానిలోకి. కాబట్టి కన్సోల్‌కి చిట్టా ఇచ్చేది కూడా అదే. టీవీ ఇచ్చిన చిట్టా తీసుకుని, తను మోయలేనివన్నీ కొట్టేసి, మిగిలింది ముందుకు పంపుతుంది. సౌండ్‌బార్ 1080p వరకే మోయగలిగితే, మీ టీవీ ఎంత గొప్పదైనా కన్సోల్‌కి అది 1080p టీవీయే. కేబుల్ మారిస్తే తేడా రాకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. కేబుల్ తప్పు కాదది, మధ్యవర్తి తప్పు.

అసలు ఒక తేడా ముందు పట్టుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది. 4కె మెనూలో అసలు రాకపోతే చిట్టా సమస్య. 4కె వచ్చి, ఎంచుకున్నాక తెల్ల చుక్కలు మెరవడమో, ఒకటి రెండు సెకన్లు తెర నల్లబడి మళ్ళీ రావడమో జరిగితే కేబుల్ సమస్య. చాలామంది మొదటిదానికి రెండోదాని మందు వేస్తారు, మీరూ అదే చేశారు. కొత్త కేబుల్ కొనడం తప్పేం కాదు, పనికొస్తుంది, కానీ ఈ జబ్బుకి కాదు.

ముందు సౌండ్‌బార్‌ని పక్కన పెట్టండి

కన్సోల్ నుంచి కేబుల్ నేరుగా టీవీకి పెట్టండి. ఏ పోర్టులో అన్నది ముఖ్యం. కొన్ని టీవీల్లో నాలుగు పోర్టులుంటే ఒకటో రెండో మాత్రమే 4కెని సెకనుకి 60 ఫ్రేములతో తీసుకుంటాయి. పోర్టు పక్కన `4K 60Hz` అనో `4K 120Hz` అనో అచ్చు వేసి ఉంటుంది, లేదంటే టీవీ మాన్యువల్‌లో ఉంటుంది.

తర్వాత మళ్ళీ `4K TV details` తెరవండి. ఇప్పుడు మూడింట్లో ఒకటి జరుగుతుంది.

అన్నీ పచ్చటి టిక్కులైతే పని అయిపోయింది. తప్పు సౌండ్‌బార్‌దే. దాన్ని మళ్ళీ మధ్యలో పెట్టొద్దు. టీవీకి `ARC` లేదా `eARC` అని రాసిన పోర్టు ఒకటి ఉంటుంది. సౌండ్‌బార్‌ని దానికి పెడితే బొమ్మ నేరుగా టీవీకి వెళ్తుంది, శబ్దం టీవీ నుంచి వెనక్కి సౌండ్‌బార్‌కి వస్తుంది. ఓవర్‌రైడ్ అవసరమే లేదు.

రెండోది, నా అనుభవంలో ఎక్కువగా కనపడేది: 4కె సినిమాల వేగం, అంటే 24 హెర్ట్జ్, సరే అంటుంది, ఆటల వేగం 60 హెర్ట్జ్ మాత్రం కాదు అంటుంది. ఇది చూస్తే సంతోషించండి, ఎందుకంటే కారణం దాదాపు తెలిసిపోయినట్టే: టీవీ పోర్టు పాత పద్ధతిలో ఉంది. దీని గురించి కింద వివరంగా రాస్తాను.

మూడోది, నేరుగా పెట్టినా 4కె ఊసే లేకపోవడం. అప్పుడు రెండూ ఆపి, గోడ ప్లగ్గులు తీసి, కొన్ని నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత కన్సోల్ ఆన్ చేయండి. టీవీ రిమోట్‌తో ఆపితే అది నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగదు, కన్సోల్ కూడా అంతే. పాత చిట్టానే పట్టుకుని కూర్చుంటాయి. దీనికీ లొంగకపోతే వేరే పోర్టు, వేరే కేబుల్. ఇక్కడ మాత్రం కేబుల్ మార్చడంలో అర్థం ఉంది: చిట్టా వచ్చే సన్న తీగ తెగినా బొమ్మ తీగలు బాగానే ఉండొచ్చు.

పోర్టు పాత పద్ధతిలో ఉండటం అంటే

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. 4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. అంచుల్లో కనపడని ఖాళీ సమయం కూడా కలిపితే, సెకనుకి 60 ఫ్రేములకి మామూలు 8 బిట్ రంగుతో దాదాపు 17.8 గిగాబిట్లు కేబుల్‌లో పారాలి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 హద్దు 18. సరిగ్గా సరిపోతుంది. అంతకు ముందున్న 1.4 హద్దు 10.2 మాత్రమే. అందులో 4కె పట్టాలంటే ఫ్రేములు 30కి దించాలి, లేదా రంగు సమాచారం తగ్గించాలి. 1080pకి 60 ఫ్రేములతో నాలుగున్నర గిగాబిట్లు చాలు, అందుకే ఏ పాత పోర్టులోనైనా హాయిగా నడుస్తుంది. కన్సోల్‌కి ఏది ఇవ్వాలో తెలియనప్పుడు 1080p దగ్గర ఆగిపోవడం ఇందుకే.

టీవీ తయారు చేసేవాళ్ళకి ఒక భయం ఉంటుంది. పెద్ద చిట్టా ఇస్తే పాత సెట్‌టాప్ బాక్సో, పాత డీవీడీ ప్లేయరో తికమకపడి బొమ్మ ఇవ్వకపోవచ్చు. అందుకని చాలా టీవీలు పోర్టులన్నీ చిన్న చిట్టాతో, అంటే 1.4 పద్ధతిలో, ఇంటికి వస్తాయి. పెద్ద చిట్టా కావాలంటే మీరే ఆన్ చేయాలి. మెనూలో ఈ స్విచ్‌కి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, అదే తలనొప్పి. సోనీలో `HDMI signal format` కింద `Standard format` కాక `Enhanced format` ఎంచుకోవాలి. సామ్‌సంగ్‌లో `Input Signal Plus`, పాత మోడళ్ళలో `HDMI UHD Color`. ఎల్‌జీలో `HDMI Deep Colour` అనో, `HDMI ULTRA HD Deep Colour` అనో ఉంటుంది. మరికొన్ని టీవీల్లో నేరుగా `HDMI 1.4`, `HDMI 2.0` అని వెర్షన్ అడుగుతాయి. ఏ పేరుతో ఉన్నా అది ఒక్కో పోర్టుకి విడివిడిగా ఉండే స్విచ్. మీరు కన్సోల్ పెట్టింది రెండో పోర్టు, ఆన్ చేసింది ఒకటో పోర్టు అయితే ఫలితం సున్నా. నవ్వొద్దు, నేనే ఒకసారి అరగంట ఇలా పోగొట్టుకున్నాను.

స్విచ్ మార్చాక తెర ఒకసారి మినుకుమంటుంది. కన్సోల్‌లో మార్పు కనపడకపోతే అది ఇంకా పాత చిట్టానే గుర్తుపెట్టుకుంది. మళ్ళీ అదే తంతు: రెండింటి ప్లగ్గులూ తీసి, టీవీ ముందు, కన్సోల్ తర్వాత.

ఓవర్‌రైడ్ ఎక్కడ నిజంగా పనికొస్తుంది

మా బావ ఇంట్లో జరిగింది చెప్తాను. ఆయన టీవీలో మంచి పోర్టు ఒకటే. దానికి రెండు పరికరాలు పెట్టాలని ఒక చిన్న హెచ్‌డీఎంఐ స్విచ్ డబ్బా కొన్నాడు. దాని అట్టపెట్టె మీద 4కె 60 అని రాసి ఉంది. కన్సోల్‌ని నేరుగా టీవీకి పెడితే 4కె వస్తోంది, డబ్బా ద్వారా పెడితే 1080p. చూస్తే ఆ డబ్బా టీవీ చిట్టాని ముందుకు పంపడం లేదు. తన దగ్గర తయారుగా ఉన్న 1080p చిట్టాని కన్సోల్ చేతిలో పెడుతోంది. బొమ్మ మోసే బలం దానికి ఉంది, చెప్పే నోరే లేదు.

ఓవర్‌రైడ్ ఇలాంటి చోట పనికొస్తుంది. టీవీ 4కె 60 తీసుకోగలదని నేరుగా పెట్టి చూశాం. దారి కూడా మోయగలదని పెట్టె మీద మాట ఉంది. తప్పు చిట్టాలోనే. కాబట్టి కన్సోల్‌ని ఆ చిట్టా వినొద్దని చెప్పడం న్యాయం.

చేసే విధానం ఇది. ఎక్స్‌బాక్స్ బటన్ నొక్కి ఇక్కడికి వెళ్ళండి:

```
Profile & system > Settings > General
> TV & display options > Video fidelity & overscan
```

అక్కడ `Auto-detect (Recommended)` అని ఉన్న పెట్టె తెరిచి `HDMI` ఎంచుకోండి. `DVI` అని కూడా ఉంటుంది, అది పాత మానిటర్ల కోసం, దాని జోలికి వెళ్ళకండి. ఇప్పుడు ఒక మెట్టు వెనక్కి వచ్చి `Resolution` తెరిస్తే `4K UHD` ఎంచుకోనిస్తుంది. ఎంచుకోగానే బొమ్మ మారి, ఇది బాగుందా అని అడుగుతుంది. మీరు ఒప్పుకోకపోతే కొద్ది సెకన్లలో తనే పాతదానికి వెనక్కి వెళ్తుంది. కాబట్టి తెర నల్లబడితే ఏమీ నొక్కకుండా ఆగండి. కంగారులో నొక్కిన బటనే ఒప్పుకున్నట్టు లెక్కలోకి పోతే తర్వాత ఇబ్బంది.

బావ ఇంట్లో మొదటిసారే వచ్చింది. నమ్మడానికి కన్సోల్ మెనూ చూడలేదు, టీవీ రిమోట్‌లో సమాచారం బటన్ నొక్కి చూశాం: `3840x2160 60Hz`. ఎప్పుడైనా ఇదే సాక్ష్యం. కన్సోల్ ఏం పంపుతున్నానని అనుకుంటోందో దాని మెనూ చెప్తుంది, నిజంగా ఏం అందిందో టీవీ చెప్తుంది. ఓవర్‌రైడ్ చేసినప్పుడు ఈ రెండోదే నమ్మాలి.

ఐతే ఊరికే రాలేదు. `4K TV details` లో హెచ్‌డీఆర్ గుర్తు కనపడలేదు. చిట్టా వినడం మానేశాక, చిట్టాలో ఉన్న మిగతా మంచి కబుర్లు కూడా కన్సోల్ చెవిన పడవు కదా. ఆట మొదలవ్వగానే టీవీ తనంతట తాను గేమ్ మోడ్‌లోకి మారేది, అదీ ఆగిపోయింది, చేత్తో పెట్టుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్ళు అలా నడిపి, చివరికి రెండో పరికరాన్ని వేరే పోర్టుకి మార్చి, డబ్బా తీసేసి, సెట్టింగ్‌ని మళ్ళీ `Auto-detect (Recommended)` కి పెట్టేశాం. హెచ్‌డీఆర్ వెంటనే తిరిగొచ్చింది. నా మట్టుకు ఓవర్‌రైడ్ అనేది కుంటే కాలికి కర్ర లాంటిది. నడిపిస్తుంది, కానీ కాలు బాగయ్యాక పక్కన పెట్టాలి.

మీ సౌండ్‌బార్‌తోనే ఓవర్‌రైడ్ చేస్తే

చేయొద్దని మొదట్లో ఎందుకన్నానంటే, బావ డబ్బాకి మోసే బలం ఉంది. మీ సౌండ్‌బార్‌కి ఉందో లేదో తెలియదు. అది 10.2 హద్దున్న పాత చిప్‌తో చేసింది అయితే, కన్సోల్ బలవంతంగా 17.8 పంపినా అది మోయలేదు. టీవీలో `No signal` కనపడుతుంది. ఓవర్‌రైడ్ చేసేది చిట్టా వినకుండా ఉండటం మాత్రమే, గొట్టాన్ని వెడల్పు చేయదు. టీవీ పోర్టు పాత పద్ధతిలో ఉండగా ఓవర్‌రైడ్ చేసినా ఇదే గతి.

సౌండ్‌బార్ మోసే అదృష్టమున్నా ఇంకో గోడ ఉంది: కాపీ రక్షణ. 4కె సినిమాలు, వీడియో యాప్‌ల 4కె ప్రసారాలు మధ్యలో ఉన్న ప్రతి పరికరమూ హెచ్‌డీసీపీ 2.2 అనే ఆ రక్షణ పద్ధతి తెలిసినదైతేనే వస్తాయి. సౌండ్‌బార్‌కి అది రాకపోతే మీ ఆటలు 4కెలో కనపడుతూ, వీడియో యాప్ మాత్రం తక్కువ నాణ్యతకి దిగడమో, బొమ్మ ఇవ్వకుండా మొరాయించడమో చేస్తుంది. ఆటలు ఒకలా, సినిమాలు ఒకలా ఉంటే అనుమానం ఇటు పెట్టండి. దీన్ని ఏ రిజల్యూషన్ ఓవర్‌రైడూ దాటలేదు.

ఒప్పుకున్నాక తెర నల్లగా ఉండిపోతే

తెర కనపడకపోతే మెనూలోకి వెళ్ళి వెనక్కి తిప్పలేరు. డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్‌లో దీనికి మార్గం ఉంది. లోపల డిస్క్ ఉంటే తీయండి. ఎక్స్‌బాక్స్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టి కన్సోల్ ఆపండి. తర్వాత ఎక్స్‌బాక్స్ బటన్, ఎజెక్ట్ బటన్ కలిపి నొక్కి పట్టుకోండి. వెంటనే ఒక బీప్ వస్తుంది. అక్కడ వదిలేయకండి. ఇంకో పది సెకన్లకి రెండో బీప్ వస్తుంది, అప్పుడు వదలండి. కన్సోల్ 640x480లో లేస్తుంది. అక్షరాలు పెద్దగా, మొద్దుగా ఉంటాయి, భయపడకండి. `TV & display options` కి వెళ్ళి ఆటో డిటెక్ట్ తిరిగి పెట్టి, రిజల్యూషన్ మళ్ళీ ఎంచుకోండి. ఓవర్‌రైడ్ ముట్టుకునే ముందే ఈ పేరా ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి.

పీఎస్5 వాళ్ళకి

ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళుంటారు కాబట్టి రెండు మాటలు. అక్కడ ఈ పేరుతో ఓవర్‌రైడ్ స్విచ్ లేదు. `Screen and Video` లో `Video Output` కింద `Resolution` ని `Automatic` నుంచి `2160p` కి మార్చొచ్చు, కానీ ముందు పోర్టు పద్ధతి మార్చకుండా దాని వల్ల ఒరిగేది తక్కువ. దాంతో పాటే `4K Video Transfer Rate` అని ఒకటి ఉంటుంది. దాన్ని `-1` లేదా `-2` చేస్తే రంగు సమాచారం తగ్గించి తక్కువ గిగాబిట్లతో 4కె పంపుతుంది. కేబుల్ బలహీనంగా ఉండి తెర మినుకుమంటుంటే ఇది మంచి పరీక్ష: `-2` లో మినుకుమనడం ఆగిపోతే కేబుల్ మార్చాలని అర్థం. ఇంకొకటి, ఎప్పుడైనా నల్ల తెర వచ్చినప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి హెచ్‌డీసీపీని `HDCP 1.4 Only` కి మార్చి మర్చిపోయిన వాళ్ళని చూశాను. ఆ తర్వాత ఏం చేసినా 1080p దాటదు. అది తిరిగి `Automatic` కి రావాలి.

అన్నట్టు, మొదటి తరం ఎక్స్‌బాక్స్ వన్, ప్రో కాని పీఎస్4 4కె పంపవు. వాటికి ఈ తంటాలేవీ అక్కర్లేదు. సిరీస్ ఎస్ 4కె పంపుతుంది కానీ చాలా ఆటలు లోపల అంతకంటే తక్కువలో గీసి పెద్దవి చేస్తుంది. టీవీలో `3840x2160` చూపిస్తూ బొమ్మ కాస్త మెత్తగా అనిపిస్తే అది సెట్టింగ్ తప్పు కాదు.

మీరైతే ముందు సౌండ్‌బార్ తీసి, కన్సోల్ పెట్టిన పోర్టుకే టీవీ మెనూలో పెద్ద చిట్టా స్విచ్ ఆన్ చేసి, ప్లగ్గులు తీసి పెట్టి చూడండి. అప్పటికీ 1080p దగ్గరే ఉంటే `4K TV details` పేజీ ఫోటో, టీవీ మోడల్ నంబరు, ఏ పోర్టులో పెట్టారో రాయండి. 24 హెర్ట్జ్‌కి టిక్కు ఉండి 60కి లేకపోతే ఒక జవాబు, రెండింటికీ లేకపోతే ఇంకో జవాబు.